కన్నీటి గీత ఎవరి ముఖాన గీశారు?

ఇంటర్నెట్ తరం ఏడుపును కూడా వెక్కిరింతగా మార్చేసిందన్న మాట ఈ మధ్య చదువుకున్నవాళ్ళ నోళ్ళలో బాగా నానుతోంది. అందుకు సాక్ష్యంగా వాళ్ళు చూపించేది ఒక బట్టతల బొమ్మ. నల్లటి గీతలతో, చిన్నపిల్లాడు గీసినట్టుండే ముఖం, కళ్ళ నుంచి రెండు ధారలు. ఒకడు ఉద్యోగం పోయిందన్నా, ఇంకొకడు ప్రేమ చెడిందన్నా, మరొకడు పక్కింటివాడు కొత్త కారు కొన్నాడన్నా ఆ బొమ్మ వచ్చి వాలుతుంది. పిల్లలకు బాధంటే లెక్కలేకుండా పోయిందని, సానుభూతి చచ్చిపోయిందని, ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించి పిచ్చిగీతలు అతికిస్తున్నారని ఆరోపణ. అధ్యాపకులు అంటున్నారు, తల్లిదండ్రులు అంటున్నారు, పెళ్ళి విందులో పక్క కుర్చీలోని బాబాయిలూ అంటున్నారు.

ఇది మొదటి అడుగులోనే దారితప్పిన అభిప్రాయం. వీళ్ళు బొమ్మను చూస్తారు గానీ అది ఎవరి ముఖమని అడగరు. తన గురించి తాను చెప్పుకోవడానికి ఒకడు ఆ బొమ్మ పెట్టుకోవడం వేరు, ఎదుటివాడి నోరు మూయించడానికి అతని ముఖాన దాన్ని తగిలించడం వేరు. మొదటిది ఒక రకమైన ఒప్పుకోలు. రెండోది దెబ్బ. గీతలు రెండింటిలోనూ అవే కావడంతో, దెబ్బ కొట్టినవాడి నేరం ఒప్పుకున్నవాడి మీద పడుతోంది.

బొమ్మ పుట్టుక చూస్తే ఈ తేడా తేటపడుతుంది. దాని పేరు వోజాక్. 2009 ప్రాంతంలో పోలండ్ దేశపు చిత్రచర్చా వేదిక ఒకదాంట్లో తిరిగి, అక్కణ్ణుంచి క్రౌట్‌చాన్ అనే జర్మన్ వేదికకు చేరింది. వోజాక్ అన్నది దాన్ని అక్కడ తరచూ పెట్టినవాడు వాడుకున్న మారుపేరు. క్రమంగా అదే బొమ్మ పేరైంది. ఆ తొలి బొమ్మను ఒకసారి శ్రద్ధగా చూడమని ఆరోపించేవాళ్ళను కోరుతున్నాను. గుండు, నుదుటి మీద ముడతలు, లోపలి కొసలు కాస్త పైకి లేచిన కనుబొమలు, దేన్నీ సూటిగా చూడని కళ్ళు, మూసిన పెదవులు. అంతే. కన్నీళ్ళు లేవు. ఏడుపుకు గుర్తుగా లోకమంతా తిరుగుతున్న ఈ ముఖం మొదట్లో ఏడవనే లేదు. ఏడుపును ఆపుకుంటున్నట్టు ఉంది. కన్నీటి ధారలు, ఎర్రబడ్డ కళ్ళు, తెరుచుకున్న నోరు తర్వాత వేరే వేరే చేతులు చేర్చినవి.

2010 నాటికి ఆ ముఖం రెండై ఒకదాన్నొకటి కౌగిలించుకుంది. ‘ఆ బాధ నాకూ తెలుసు, బ్రో’ అని కింద రాసి ఉన్న బొమ్మ అది. బొమ్మ పేరు పడిందే దాంతో. సానుభూతిని చంపిందని నిందపడుతున్న బొమ్మకు మొదట పేరు తెచ్చిన రూపం ఇద్దరు మగవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని ఓదార్చుకోవడం. నింద వేసేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

ఆ కౌగిలి అంత దూరం ఎందుకు పోయిందో తెలియాలంటే ఆ వేదికల పద్ధతి తెలియాలి. అక్కడ పేరు ఉండదు, ఫొటో ఉండదు, ఎవరు ఎవరో తెలియదు. కొత్తవి వచ్చేకొద్దీ పాత సంభాషణలు చెరిగిపోతాయి. దాచుకోవాలనుకున్న బొమ్మను ఎవరికి వారు తమ కంప్యూటర్‌లోకి దించుకోవాల్సిందే. ఇలాంటి చోట ‘నాకు ఎవరూ లేరు’ అని రాస్తే ఆ వాక్యం వెనక మనిషి ఉన్నాడని ఎవరూ నమ్మరు. నమ్మినా ఆడుకుంటారు. అలాగని సొంత ముఖం పెట్టే వీల్లేదు. అలాంటప్పుడు ఎవరిదీ కాని ముఖం ఒకటి కావాలి. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరైనా తొడుక్కోవచ్చు. మీద పడి వెక్కిరిస్తే ‘అది బొమ్మ’ అని తప్పుకోవచ్చు. సగం చెప్పి సగం దాచుకోవడం పిరికితనం అంటారా, అనండి. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని సామెత కట్టి తరాల పాటు వాడిన వాళ్ళం మనం. ఆ సామెత ఒక్క తెలుగువాళ్ళ సొత్తేమీ కాదు, దాని అర్థం పోలండ్ కుర్రాడికీ జర్మన్ కుర్రాడికీ ఇంట్లోనే తెలుసు. ఏడవడానికి చోటు లేకుండా చేసి, దొరికిన సందులో ఏడిస్తే సరిగ్గా ఏడవలేదని తప్పు పట్టడం మనకే చెల్లింది.

ఇక పిచ్చిగీతల సంగతి. గీయడం చేతకాకే అలా ఉందన్న మాటకు నూట ఎనభై ఏళ్ళ కిందే జవాబు వచ్చింది. జెనీవాలో బడి నడిపిన రొడాల్ఫ్ టోప్ఫర్ చూపు సరిగా లేక చిత్రకారుడు కాలేకపోయినవాడు. విద్యార్థులను నవ్వించడానికి గీసిన బొమ్మల కథలతో, తర్వాత వచ్చిన కామిక్స్‌కు మూలపురుషుడయ్యాడు. 1845లో ముఖాల మీద చిన్న పుస్తకం ఒకటి రాశాడు. ఎంత మొరటుగా గీసినా సరే, ముఖం అన్నాక దానికి ఏదో ఒక భావం వచ్చి తీరుతుందని, ఒక్క గీత జరిపితే ఆ భావం మారిపోతుందని అందులో వరస బొమ్మలు గీసి చూపించాడు. నైపుణ్యం అక్కర్లేదు, గీత జరిగితే ఏం మారిందో చూసే ఓపిక ఉంటే చాలన్నది అతని పద్ధతి. 1993లో అమెరికన్ కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ ఇదే దారిలో ఇంకో అడుగు వేశాడు. ఫొటోలాంటి ముఖం ఒక్క మనిషిదే అవుతుంది, వివరాలు తీసేసేకొద్దీ అది ఎక్కువమందికి సరిపోతుంది అన్నాడు. వోజాక్‌కు జుట్టు లేకపోవడం, వయసు తెలియకపోవడం ఇక్కడే పనికొచ్చాయి. అందంగా గీసి ఉంటే ఎవడో ఒకడి ముఖమై అక్కడే ఆగిపోయేది.

మన దగ్గర ఈ పని బ్రహ్మానందం ముఖం చేస్తుంది. తెలుగు మీమ్స్‌లో ఆయన హావభావం లేని సందర్భం లేదు. కానీ గమనించండి, అది ఎప్పటికీ బ్రహ్మానందం ముఖమే. చూడగానే మొదట నవ్వొస్తుంది, బాధ ఆ నవ్వును దాటుకుని రావాలి. ‘నేను’ అని చెప్పుకోవడానికి ఆయన ముఖం వాడితే పాత్ర వేసినట్టు ఉంటుంది. వోజాక్ అలా అడ్డుపడదు. ఏ నటుడూ లేని ముఖం అది.

మొరటుతనానికి ఇంకో ప్రయోజనం ఉంది. ఆ గీతలు విండోస్‌తో ఉచితంగా వచ్చే పెయింట్‌లో గీసిన తరహావి. ఒకే మందం, ఒకే నలుపు, మూసుకున్న అంచులు. రంగు బకెట్ గుర్తు నొక్కి ముఖం లోపల క్లిక్ చేస్తే అంచుల వరకు రంగు నిండుతుంది. అంచులో ఎక్కడైనా ఒక్క చుక్క ఖాళీ ఉంటే రంగు బయటికి కారి కాగితమంతా నిండిపోతుంది, ఆ చుక్క పూడ్చి మళ్ళీ నింపాలి. ఇంతకు మించిన విద్య అక్కర్లేదు. అందుకే ఎవరికి ఏ బాధ ఉంటే ఆ బాధకు తగ్గట్టు ఒక గీత చేర్చుకున్నారు. బొమ్మ ఎన్ని చేతులు మారిందో కూడా చూసి చెప్పొచ్చు. జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ నల్ల గీతల చుట్టూ బూడిదరంగు నలుసులు చేరతాయి. ఆ నలుసుల దగ్గర బకెట్ రంగు అంటుకోదు కాబట్టి గీతకూ రంగుకూ మధ్య మాసిన తెల్ల అంచు మిగిలిపోతుంది. ఆ మాసిన అంచు ఉన్న బొమ్మ ఒకరి బద్ధకం కాదు. ఎందరో మార్చుకుంటూ వచ్చింది.

ఎలా మార్చుకున్నారో ఒక సందర్భం పట్టుకుని చూద్దాం. 2017 డిసెంబరు మధ్యలో బిట్‌కాయిన్ ధర ఇరవై వేల డాలర్ల దగ్గరికి పోయింది. 2018 ఫిబ్రవరి మొదటి వారానికి ఆరు వేల దగ్గరికి పడింది. ఆ ఏడాది చివరికి నాలుగు వేల లోపుకు దిగింది. ఈ పతనం నడుస్తుండగా ఫోర్‌చాన్ అనే వేదికలో డబ్బు, పెట్టుబడుల విభాగమంతా గులాబీ రంగు వోజాక్‌లతో నిండిపోయింది. ముఖం ఎర్రగా కందిపోయి, కళ్ళ నుంచి రక్తం కారుతూ, నోరు చీలిపోయేలా అరుస్తున్న బొమ్మ. లాభం వచ్చిన రోజున అదే ముఖానికి పచ్చ రంగు పూసేవాళ్ళు. ధరల పట్టికలో పతనానికి ఎరుపు, పెరుగుదలకు ఆకుపచ్చ ఉంటాయి కదా, ముఖం ఆ పట్టికకు అద్దమైంది.

డిసెంబరులో పద్దెనిమిది వేలకు కొన్న ఒకతన్ని ఊహించండి. పెట్టింది దాచుకున్న సొమ్ము. రెండు నెలలు తిరక్కుండా మూడింట ఒక వంతు మిగిలింది. అతను ఎవరితో చెప్పుకోగలడు? ఇంట్లో చెబితే గొడవ. వద్దన్న స్నేహితుడితో చెబితే ‘నేను ముందే చెప్పానా లేదా’. చావు ఇంట్లో పలకరింపుకు మాటలున్నాయి, పంట పోయినవాణ్ణి ఓదార్చడానికీ మాటలున్నాయి. అత్యాశతో సొంత చేతులా పోగొట్టుకున్నవాణ్ణి పలకరించే పద్ధతి ఏ సమాజంలోనూ లేదు. అతనికి తన మీద జాలి ఉంది, ఆ జాలికి తాను అర్హుడు కాదన్న సిగ్గూ ఉంది. ‘నా డబ్బు పోయింది, నేను ఏడుస్తున్నాను’ అని మామూలు వాక్యంలో రాస్తే మొదటిది మాత్రమే చెప్పినట్టవుతుంది. కళ్ళ నుంచి రక్తం కారే గులాబీ ముఖం రెండూ ఒకేసారి చెబుతుంది. బాధ నిజం, దాన్ని ఇంతగా పెంచి చూపించడం తన మీద తాను వేసుకున్న మొట్టికాయ. కింద మరో పదిమంది తమ తమ గులాబీ ముఖాలు పెడతారు, ఒకదాన్ని మించి ఒకటి వికృతంగా. అది వెక్కిరింత కాదు, ఇంతకన్నా మునిగినవాళ్ళం మేమూ ఉన్నామని చెప్పడం.

అక్కడ ఎగతాళి చేసేవాళ్ళు లేరని అనను. ధర పడుతుందని పందెం కాసి గెలిచినవాళ్ళు ఆ ముఖాలనే తెచ్చి ఓడినవాళ్ళ మీద విసిరారు. కానీ నవ్వు కింద నిజమైన ప్రమాదం ఉందని ఆ లోకానికి తెలియదనుకోవడం పొరపాటు. 2018 జనవరి మధ్యలో ధరలు కూలినప్పుడు రెడిట్‌లోని క్రిప్టో చర్చావేదికలో ఆత్మహత్యల నివారణ సహాయవాణి నంబర్లను అందరికీ కనిపించేలా పైన పెట్టారు. జోకులు వేసుకుంటున్న జనమే ఆ నంబర్లూ పెట్టుకున్నారు. సానుభూతి చచ్చినచోట ఈ పని జరగదు.

అసూయ విషయంలో ఈ బొమ్మ ఇంకా తెలివైనది. నవ్వు ముఖాన్ని ముసుగులా తగిలించుకుని, దాని వెనక కన్నీళ్ళతో వణికిపోయే వోజాక్ ఒకటుంది. స్నేహితుడికి తాను కోరుకున్న ఉద్యోగం వచ్చింది. ‘కంగ్రాట్స్ రా మామా’ అని రాసి, కింద ఈ బొమ్మ పెడతాడు. అభినందన అబద్ధం కాదు, ముసుగు వెనకది కూడా అబద్ధం కాదు. అసూయను నేరుగా ఒప్పుకోవడం ఏ భాషలోనైనా కష్టం. ఒప్పుకుంటే స్నేహం చెడుతుంది, దాచుకుంటే లోపల కుళ్ళుతుంది. ఈ బొమ్మ దాన్ని బయటపెడుతూనే పళ్ళు పీకేస్తుంది. నాకు అసూయగా ఉందని చెప్పగలిగినవాడి అసూయ నుంచి ఎవరికీ పెద్దగా ప్రమాదం లేదు.

మన అలంకారశాస్త్రం చదివినవాళ్ళు కూడా ఈ బొమ్మల మీద మండిపడటం నాకు వింతగా ఉంటుంది. భరతుడు ముప్పై మూడు సంచారీ భావాలు లెక్కపెట్టాడు. అందులో అసూయ ఉంది, దైన్యం ఉంది. వీటిని అతను చాటుకు నెట్టలేదు. ఏ భావాన్ని ఏ కనుబొమతో, ఏ చూపుతో చూపించాలో నటుడికి చెప్పాడు. శోకం తన స్థాయికి తగని చోట, తగని మోతాదులో వస్తే అది కరుణం కాక కరుణాభాసమై హాస్యానికి దారి తీస్తుందన్నది అభినవగుప్తుడి ఆలోచన. కూలిన క్రిప్టో మీద రక్తకన్నీరు సరిగ్గా అదే. దుఃఖాన్ని నవ్వులాటగా మార్చడం ఈ తరం కనిపెట్టిన పాపమైతే, పాపం వయసు చాలా ఎక్కువ.

ఇప్పుడు రెండో వాడుకకు వద్దాం. ఇక్కడ ఆరోపించేవాళ్ళ పక్షాన నిజం ఉంది, దాన్ని దాచను. ఎడమవైపు కళ్ళజోడు పెట్టుకుని, గడ్డంతో, నోరు తెరిచి ఏడుస్తున్న బొమ్మ. కుడివైపు బంగారు జుట్టు, బలమైన దవడ ఉన్న నిబ్బరమైన ముఖం. ఏడ్చేవాడి నోట పేద్ద వాక్యం, ‘నో’ అన్న అరుపుతో మొదలై ‘నువ్వలా చేయడానికి వీల్లేదు’ అంటూ సాగేది. నిబ్బరపువాడి నోట ఒక్క ముక్క, ‘అవును’. ఇందులో ఏడుపు ఎవరూ ఏడ్చింది కాదు. ఎదుటివాడు చెప్పిన వాదాన్ని తీసుకెళ్ళి ఏడ్చే నోట్లో పెట్టారు. అలా పెట్టాక దానికి జవాబు చెప్పనక్కర్లేదు. వాదం ఎంత సరైనదైనా కన్నీళ్ళతో తడిసిపోయి ఉంటుంది, చూసినవాడికి ముందే రోత పుడుతుంది. చర్చను తప్పించుకోవడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. దీన్ని తిట్టండి, నేనూ తిడతాను.

కానీ దీన్ని కనిపెట్టినవాళ్ళు బొమ్మల తరంవాళ్ళు కాదు. లారీ వెనకా ఆటో వెనకా ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాయించుకున్న పెద్దమనుషులు ఏం చేస్తున్నట్టు? వెనక వచ్చే ఎవరో తెలియనివాడి ముఖాన ఏడుపు తగిలించి, తాము నిబ్బరంగా ముందుకు పోతున్నారు. బొమ్మ ఒక్కటే తక్కువ. దాన్ని చూసి సానుభూతి చచ్చిపోయిందని ఎవరూ వ్యాసాలు రాయలేదు, ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నారు.

పైగా ఈ రెండు ముఖాల చట్రంలో కూడా ఏడ్చేవాడు ఎప్పుడూ ఓడినవాడు కాదు. 2020 మార్చి 12న, కరోనా భయంతో మార్కెట్లు కూలుతుంటే, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ లక్షన్నర కోట్ల డాలర్ల వరకు స్వల్పకాలిక అప్పు అందుబాటులో పెడతానని ప్రకటించింది. ఆ రోజుల్లోనే ఒక బొమ్మ పుట్టింది. ఒకవైపు డబ్బు ఊరికే సృష్టించి ఆర్థిక వ్యవస్థను ఉబ్బించడానికి వీల్లేదని కన్నీళ్ళతో అరిచేవాడు. మరోవైపు నోట్ల యంత్రాన్ని ‘బ్రర్ర్ర్’ మని తిప్పుతూ నవ్వుకునే అధికారి. దీన్ని భుజాన వేసుకుని ఊరూరా తిప్పింది ఎవరు? ఆ ఏడ్చేవాడి వాదమే తమ వాదమైన బిట్‌కాయిన్ జనం. మా మాటే న్యాయం, అయినా మమ్మల్ని వినేవాడు లేడు, మా అరుపులు ఇలాగే ఉంటాయి అని తమను తామే గీసుకున్నారు. వాళ్ళ ఆర్థిక సిద్ధాంతం మీద నాకు నమ్మకం లేదు. ఆ బొమ్మ మాత్రం న్యాయంగా ఉంది.

ఒప్పుకోలుకూ దెబ్బకూ తేడా పట్టడం మరీ కష్టమేమీ కాదు. బొమ్మ ఒంటరిగా ఉందా, పక్కన గెలిచినవాడు నిలబడ్డాడా చూడండి. కింది మాట ‘నేను’ అంటోందా, ‘నువ్వు’ అంటోందా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళజోడు, గడ్డం, జుట్టు రంగు, బట్టల మీద గుర్తులు. ఒప్పుకోలు బొమ్మకు ఇవి సాధారణంగా ఉండవు, ఎవరైనా తొడుక్కోవాలి కాబట్టి. దెబ్బ బొమ్మకు ఇవి తప్పవు, ఫలానా రకం మనిషని గుర్తుపట్టాలి కాబట్టి. ఇవి కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి, నోట్ల యంత్రం బొమ్మలోలాగా. అప్పుడు ఎవరు పంచుతున్నారో చూడాలి.

ఈ బొమ్మల చరిత్రలో అన్నిటికంటే క్రూరమైనది ఏదంటే నేను ఏడుపు బొమ్మను చూపించను. 2018 అక్టోబరులో అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు పేరుపడ్డ బూడిదరంగు వోజాక్‌ను చూపిస్తాను. వీడియో గేమ్‌లలో ఆటగాడు నడపని, చెప్పిందే చెప్పే పాత్రలుంటాయి. తమకు నచ్చని రాజకీయపక్షం వాళ్ళంతా అలాంటి పాత్రలే, సొంత ఆలోచన లేనివాళ్ళే అనడానికి ఆ బొమ్మ వాడారు. అదే ముఖంతో కుప్పలుగా ఖాతాలు తెరిచారు. ఎన్నికల గురించి తప్పుడు సమాచారం పెడుతున్నాయని ట్విట్టర్ సుమారు 1,500 ఖాతాలను ఆపేసిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఈ బొమ్మను ఎలా తయారుచేశారో చూడండి. నుదుటి ముడతలు తీసేశారు. కనుబొమల వంపు సరిచేశారు. నోరు సూటి గీత అయింది. ముఖం నుంచి బాధను తుడిచేశారు, తుడవగానే మనిషి పోయి వస్తువు మిగిలింది. ఎదుటివాణ్ణి మనిషి కాదనడానికి వాళ్ళు చేసిన మొదటి పని అతని దుఃఖాన్ని తీసేయడం. ఏడుపు బొమ్మే అమానుషం అనేవాళ్ళు ఈ ఒక్క బొమ్మకు సమాధానం చెప్పాలి.

విచార ముఖపు కప్ప పెపే సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మాట్ ఫ్యూరీ 2005 ప్రాంతంలో గీసిన హాయి కప్ప అది. జనం చేతుల్లో ఏడుపు కప్ప అయింది, తర్వాత జాతివిద్వేషుల చేతుల్లో పడింది. 2016లో యాంటీ డిఫమేషన్ లీగ్ దాన్ని విద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. చేరుస్తూనే, ఆ కప్ప వాడుకలో ఎక్కువ భాగం విద్వేషపూరితం కాదని, సందర్భం చూసి తీర్పు చెప్పాలని స్పష్టంగా రాసింది. వార్తలు మొదటి సగాన్నే మోశాయి.

నా వాదనకు బలమైన అడ్డు ఒకటుంది, దాన్ని ఎదుర్కోకుండా ముగించడం న్యాయం కాదు. సొంత బాధ చెప్పుకోవడం ఎప్పుడూ అమాయకంగానే ఆగుతుందా? ఆగదు. ప్రియురాలు లేని బాధ మీద కట్టిన వోజాక్ బొమ్మలు వేల కొద్దీ ఉన్నాయి. అవి తిరిగే గూళ్ళలోనే ఆత్మజాలి ముదిరి ఆడవాళ్ళ మీద ద్వేషంగా మారిన చోట్లూ ఉన్నాయి. ఆ కుర్రాళ్ళ మీద అలెక్స్ లీ మోయర్ తీసిన డాక్యుమెంటరీ 2020లో వచ్చింది. దానికి పేరు కూడా ఆ బొమ్మల కింద రాసే పొట్టిమాటే. తన మీద జాలి చాలాకాలం ఒక్కచోటే ఉంటే దానికి కారకుణ్ణి వెతకడం మొదలుపెడుతుంది, ఇది నిజం. కానీ ఆ మలుపు ఎక్కడ వస్తుందో చూడండి. ‘నాకెవరూ లేరు’ అన్న వాక్యం ‘వాళ్ళ వల్లే నాకెవరూ లేరు’ అయినప్పుడు. అక్కడ బొమ్మలోకి రెండో మనిషి వస్తుంది. బంగారు జుట్టు అమ్మాయి, ఆమె పక్కన దవడ బలమైనవాడు. ఒంటరి ముఖం ఒంటరిగా ఉన్నంతసేపు దాని వల్ల ఎవరికీ హాని లేదు.

అదే గూళ్ళ నుంచి 2020 జనవరిలో ఇంకో బొమ్మ బయటికొచ్చింది. నల్ల జుట్టు, మెడకు నల్ల పట్టీ, అలసిన కళ్ళున్న అమ్మాయి. అంతకు ముందే, 2018లో నల్ల టోపీతో, నోట్లో సిగరెట్‌తో, లోకం మీద ఆశ వదులుకున్న మగ వోజాక్ ఒకడున్నాడు. ఈమె అతనికి జంట. మగవాళ్ళ వేదిక దాటి బయటికి రాగానే అమ్మాయిలు ఆమెను తమ ముఖంగా తీసుకున్నారు. తమ ఒంటరితనం, తమ విసుగు ఆమె మీద గీసుకున్నారు. ద్వేషం గూడు అని ముద్రపడ్డ చోట పుట్టిన గీత, ఎవరిని ద్వేషించారో వాళ్ళ చేతికే పోయి వాళ్ళ బాధ చెప్పింది. చట్టం పెట్టి, వడపోత పెట్టి ఏడుపు బొమ్మలన్నిటినీ తుడిచేయాలనే వాళ్ళ చేతిలో మొదట పోయేది ఇలాంటివే. దెబ్బ కొట్టేవాడికి మరో బొమ్మ దొరుకుతుంది, మాటతోనైనా కొడతాడు. చెప్పుకోలేనివాడికే చోటు పోతుంది.

ఆఖరుగా ఒక సంగతి. కంపెనీలు తయారుచేసి ఫోన్లలో పెట్టిన ఏడుపు ముఖం ఒకటుంది, పసుపు రంగుది, రెండు కళ్ళ నుంచీ కాలవలు పారేది. ట్విట్టర్‌లో అందరికంటే ఎక్కువ వాడే గుర్తు అదేనని 2021లో ఇమోజీపీడియా లెక్క తేల్చింది. కుర్రకారు దాన్ని నవ్వు ఆగనప్పుడు కూడా పెడతారు. నవ్వుకు కన్నీటి ధారలు పెట్టడం కంటే ఏడుపును తేలిక చేయడం ఇంకేముంటుంది? అయినా దాని మీద ఫిర్యాదులు లేవు, ఆరోపణ చేసే పెద్దలే కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పెడుతున్నారు. గుండ్రంగా, శుభ్రంగా, కంపెనీ ముద్రతో వచ్చింది కాబట్టి అది మర్యాదస్తుల ఏడుపు. దాని నుదుటి మీద ఒక్క ముడత చేర్చుకుందామన్నా ఎవరికీ వీలుపడదు.